లేదన్న తొమ్మిది జాకెట్లు

మా కడపలో ఒక టైలర్ గురించి కథ ఒకటి తిరుగుతూ ఉంటుంది. డబ్బున్న ఇంటి ఆవిడ దసరా ముందు కారులో వచ్చి, పట్టుచీరలు బల్ల మీద పడేసి, ఎంత కావాలో చెప్పు అన్నదట. ఆయన "నీ డబ్బు నువ్వే పెట్టుకో" అన్నాడట. చెప్పేవాళ్ళను బట్టి ఆ నోట్లు కొన్నిసార్లు గాల్లోకి కూడా ఎగురుతాయి. మొన్న ఒక పెళ్ళిలో ఇదే కథ మళ్ళీ విన్నాను. ఈసారి ఆయన చీరలు కూడా విసిరేశాడు.

ఆ రోజు నేను ఆ దుకాణంలోనే ఉన్నాను. ఏమీ ఎగరలేదు. ఆయన కుర్చీ వేశాడు, మంచినీళ్ళు తెప్పించాడు, చీరలు మడతలు చెడకుండా మళ్ళీ కవర్లలో పెట్టి ఇచ్చాడు. కథలో చెప్పే పౌరుషం నేను చూడలేదు. చూసింది ఒక లెక్క. ఆ లెక్క ఎవరూ చెప్పరు కాబట్టి రాస్తున్నాను.

నేను అక్కడ ఎందుకున్నానంటే, మా అమ్మ ఆయన దగ్గర చేతిపని చేసేది. మిషన్ మీద కుట్టిన జాకెట్టు అంతటితో అయిపోదు. మెడకూ చేతుల అంచులకూ హెమ్మింగ్ చేయాలి, హుక్కులు కుట్టాలి, వాటికి ఎదురుగా దారంతో కాజాలు వేయాలి. ఒక జాకెట్టుకు అమ్మకు నలభై నిమిషాలు పట్టేది, పన్నెండు రూపాయలు వచ్చేది. రోజూ సాయంత్రం కాలేజీ నుంచి వస్తూ కుట్టిన మూట తెచ్చి అమ్మకు ఇవ్వడం, పొద్దున పోతూ అయిపోయినవి దుకాణంలో ఇవ్వడం నా పని. ఆయన్ని వీధంతా మామ అనేవాళ్ళు, నేనూ అంతే.

అది 2012. దసరా అక్టోబర్ 24న, బక్రీద్ 27న వచ్చాయి. మధ్యలో రెండే రోజులు. రెండు పండగలూ ఇలా ఒకదాని వెనక ఒకటి వస్తే మా ఊళ్ళో టైలర్లకు నిద్ర ఉండదు, ఎందుకంటే ఒకే బల్ల మీద పట్టు జాకెట్లూ ఉంటాయి, చుడీదార్లూ ఉంటాయి. పైగా ఆ ఏడాది రాష్ట్రమంతా కరెంటు కోతలు. మామ మిషన్‌కు మోటారు ఉండేది కానీ ఆ నెలంతా ఎక్కువగా కాలితో తొక్కే కుట్టాడు. ఇస్త్రీకి బొగ్గుల పెట్టె బయటికి తీశాడు.

అక్టోబర్ 12, శుక్రవారం. మామ నమాజుకు పోయి వచ్చి దుకాణం మళ్ళీ తెరిచాక, సాయంత్రం ఆమె వచ్చింది. కాంట్రాక్టులు చేసే ఇల్లు వాళ్ళది. మంచి మనిషే, గట్టిగా మాట్లాడటం అలవాటు, అంతే. తొమ్మిది ధర్మవరం పట్టుచీరలు తెచ్చింది. నవరాత్రుల్లో రోజుకొక రంగు కట్టుకోవాలని. ప్రొద్దుటూరులో వాళ్ళ పుట్టింట్లో దిగుతారు, అక్కడ దసరా ఎంత పెద్దగా చేస్తారో మా జిల్లాలో అందరికీ తెలుసు. పదహారో తేదీన నవరాత్రులు మొదలు, కాబట్టి పదిహేను రాత్రికి తొమ్మిదీ కావాలి. అంటే మూడు రోజులు.

"లైనింగ్ జాకెట్టుకు నూటయాభై తీసుకుంటావు కదా మాస్టర్, ఐదు వందలు తీసుకో. మొత్తం ఇప్పుడే ఇచ్చేస్తా" అంది.

మామూలుగా తొమ్మిదికి 1350 వచ్చే చోట 4500. పైన వచ్చే మూడు వేల నూటయాభై, ఆ దుకాణానికి నెలన్నర అద్దెకంటే ఎక్కువ. నాకు కూడా వెంటనే లెక్క తట్టింది: చేతిపనికి అమ్మకు కూడా రెట్టింపు ఇవ్వకపోతాడా అని.

మామ చీరల్ని ఒక్కొక్కటీ విప్పి చూశాడు. నాకు అప్పుడది వింతగా అనిపించింది. తీసుకోననేవాడు ఎందుకు చూడాలి? ఇప్పుడు అర్థమవుతుంది, లేదు అనడానికి ముందు పని ఏమిటో తెలుసుకోవాలి కదా. జాకెట్టు ముక్కలు ఇంకా చీరలకే ఉన్నాయి, కత్తిరించలేదు. అన్నీ పెద్ద జరీ అంచులు. తొమ్మిదికీ తొమ్మిది రంగుల లైనింగ్ కావాలి.

తర్వాత నోట్‌బుక్కు తీశాడు. పొడుగాటి అట్ట పుస్తకం. ఒక్కో తేదీకి ఒక పేజీ, పేజీకి ఆరు గీతలు. మామ, పక్కన కుట్టే కుర్రాడు కలిసి రోజుకు ఆరు లైనింగ్ జాకెట్లు తీయగలరు. మోటారు ఆడితే ఏడు, కాలితో తొక్కితే ఆరు. కరెంటును నమ్మకుండా ఆరే రాసుకున్నాడు. శుక్రవారం సగం రోజే కాబట్టి ఆ పేజీకి మూడు గీతలు. 13 నుంచి 22 దాకా పది రోజులు, మధ్యలో ఒక శుక్రవారం. అంటే యాభైఏడు గీతలు. వాటిలో యాభైఆరు అప్పటికే పేర్లతో నిండి ఉన్నాయి.

"22 తర్వాత కుట్టేటివి ఉంటే అటు జరపరాదా?" అని ఆమె అడిగింది. తెలివైన ప్రశ్నే. మామ పేజీ తిప్పాడు. 23 నుంచి 26 దాకా బక్రీద్ బట్టలు. పద్నాలుగు చుడీదార్ సెట్లు, ఒక్కో సెట్టుకు జాకెట్టుకు ఒకటిన్నర రెట్లు టైము. చివరి రోజు మళ్ళీ శుక్రవారం. ఆ నాలుగు రోజుల ఇరవైఒక్క గీతలూ కరెక్టుగా సరిపోయాయి.

"మేడమ్, ఈ పుస్తకంలో మీ తొమ్మిది పెట్టాలంటే వీళ్ళల్లో తొమ్మిది మందిని తీసేయాల. ఎవరిని తీసేయమంటారో మీరే చెప్పండి" అని పుస్తకం ఆమె వైపు తిప్పాడు.

ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగినట్టు అడిగాడు. ఆమె చూసింది. నేనూ చూశాను. ఒక స్కూలు టీచరుకు రెండు. దర్గా వైపు ఇల్లున్న ఒక కోడలికి నాలుగు. ఇంకా కూరగాయల బండి పెట్టుకునే ఒకామెకు ఒకటి. ఆమె ఏడాదికి ఒక్కసారే, దసరాకే కుట్టించుకుంటుంది.

అర్జెంటు పనికి ఎక్కువ డబ్బు తీసుకోవడం తప్పా అని నన్ను చాలామంది అడిగారు. తప్పు కాదు. మామ కూడా అర్జెంటు పని చేసేవాడు. ఆషాఢంలో పోయి అడిగితే పొద్దున ఇచ్చిన గుడ్డ సాయంత్రానికి కుట్టి ఇచ్చేవాడు, అది కూడా మామూలు రేటుకే. అప్పుడు గీతలు ఖాళీగా ఉంటాయి. దసరా ముందు ఖాళీ గీత లేదు. అప్పుడు తీసుకునే ఐదు వందలు ఎక్కువ కష్టపడ్డందుకు కాదు, ఒకసారి ఒకరికి మాటిచ్చిన గంటను ఇంకొకరికి రెండోసారి అమ్మినందుకు. ఆ గంట ఎవరి దగ్గరి నుంచి పోతుంది? టీచరుకు ఆలస్యమైతే ఆమె వచ్చి నిలదీస్తుంది. కోడలి వెనక అత్తగారు ఉంటుంది. కూరగాయల బండి ఆమె మాత్రం "పోనీలే అయ్యా, పండగ అయిపోయినంక ఇయ్యి" అంటుంది. అందుకే ఏ దుకాణంలోనైనా జరిగేది ఆమె జాకెట్టే. అర్జెంటు చార్జి కట్టేది కారులో వచ్చినామె అనుకుంటాం. నిజానికి దాన్ని కట్టేది గట్టిగా అడగలేని మనిషి.

మరి రాత్రిళ్ళు కుట్టొచ్చు కదా? ఆమె కూడా అదే అంది. నేను కూడా ఇంటికి పోయి అమ్మతో అదే అన్నాను. రోజుకు ఆరు అన్న లెక్కలోనే రాత్రి పది దాకా పని ఉంది. మూడు రాత్రుల్లో తొమ్మిదంటే రాత్రికి మూడు, ఒక్కోటి రెండు గంటలు. తెల్లవారుజాము నాలుగవుతుంది, అదీ ఎమర్జెన్సీ లైటు కింద. "రాత్రి పూట పట్టు మీద కత్తెర పెట్టను మేడమ్" అన్నాడు మామ.

ఇది ఏదో ఆచారం అనుకునేరు. కాదు. పట్టుచీరలో జాకెట్టు ముక్క సుమారు ఎనభై సెంటీమీటర్లు వస్తుంది. అంచు చేతుల మీదికి రావాలి. కుడి చేతికీ ఎడమ చేతికీ అంచు ఒకే ఎత్తులో రావాలి, బుటాలు ఉంటే వీపు మధ్యలో సరిగ్గా కూర్చోవాలి. ముక్క అంతే ఉంది, ఒక చెయ్యి తప్పు కోస్తే రెండో ముక్క ఎక్కడా దొరకదు. అందుకే మామ ముందు లైనింగ్ కోసి, కచ్చా కుట్టు వేసి, మనిషికి తొడిగి చూసి, ఆ తర్వాతే పట్టు కోసేవాడు. తొమ్మిదింటికీ ఆ ట్రయల్ ఒక్కసారి చాలు, ఒకే మనిషి కాబట్టి. కానీ ఆ ఒక్కసారికైనా ఆమె మళ్ళీ రావాలి, తేడాలు దిద్దాలి. మూడు రోజుల్లో అర రోజు అక్కడే పోతుంది.

లైనింగ్ ఇంకో కథ. అది నూలు గుడ్డ, నీళ్ళు తగిలితే కుంచించుకుంటుంది. అందుకే కుట్టడానికి ముందు రాత్రంతా నానబెట్టి, నీడన ఆరేసి, ఇంకొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేయాలి. ఎరుపు, మెరూన్ లాంటివి రంగు వదులుతాయి, వాటికి వేరే బకెట్లు. ఆ వారం కడపలో రోజూ మబ్బు. ఆరడానికి ఒక రోజు పట్టేది రెండు రోజులు పడుతోంది. చేతులు ఎంత వేగంగా ఆడినా, డబ్బు ఎంత ఇచ్చినా, తడి గుడ్డ త్వరగా ఆరదు. నానబెట్టకుండా కుడితే కుట్టిన రోజు ఏ తేడా కనపడదు. కొత్తగా మెరుస్తూనే ఉంటుంది. ఇంట్లో చల్లనీళ్ళలో మొదటిసారి ఉతికాక లోపలి గుడ్డ కుంచించుకుని, పైన పట్టు ముడతలు పడి ఉబ్బుతుంది. అప్పటికి పండగ అయిపోయి ఉంటుంది, టైలర్ డబ్బులు తీసుకుని ఉంటాడు.

మామ ఇదంతా ఆమెకు ఉపన్యాసంలా చెప్పలేదు. రెండు మాటలే అన్నాడు. "నానబెట్టకుండా కుట్టి ఇయ్యలేను మేడమ్. ఈ వానల్లో నానబెడితే మీకు అందదు." తర్వాత ఒక సలహా ఇచ్చాడు: ఈ తొమ్మిది రోజులకూ మీ దగ్గర ఉన్న పాత జాకెట్లలో రంగు కలిసేవి వేసుకోండి, ఈ ముక్కల్ని మాత్రం తొందరలో ఎవరి చేతా కోయించకండి. ఆమె మొహం ఎర్రబడింది. "ఊళ్ళో నువ్వొక్కడివే టైలరా?" అని లేచిపోయింది. మామ కారు దాకా పోయి కవర్లు పెట్టి వచ్చాడు.

ఇంటికి పోయి అమ్మకు చెప్పి, మామకు తలబిరుసు ఎక్కువైందన్నాను. అమ్మ కాజాలు వేస్తా ఉంది, తల ఎత్తలేదు. "ఆయన ఒప్పుకుని ఉంటే ఆ మూడు దినాలు నా కండ్లు నాకు కాకుండా పోతాండె" అంది. రోజుకు ఆరు జాకెట్లంటే అమ్మకు నాలుగు గంటలు. ఇంకో మూడంటే ఇంకో రెండు గంటలు, కిరోసిన్ దీపం ముందర, వంటా అంట్లూ అయ్యాక. నాకు కనపడింది రెట్టింపు కూలి మాత్రమే. నోట్‌బుక్కులో అమ్మ పేరు లేదు కానీ, ఆ ఆరు గీతలు గీసింది అమ్మ కళ్ళను కూడా లెక్కలో పెట్టుకునేనని చాలా తర్వాత తెలిసింది.

యాభైఏడులో ఒక గీత ఖాళీ అన్నాను కదా. దాన్నైనా ఆమెకు ఇచ్చి ఒకటి కుట్టొచ్చు కదా అని నాకు అప్పట్లో కోపం. పదిహేడో తేదీన కుర్రాడు బొగ్గుల పెట్టె వేడి చూసుకోకుండా టీచరు జాకెట్టు చేతి మీద పెట్టాడు. జరీ పక్కన గోధుమరంగు మచ్చ పడింది. మామ ఆ కుర్రాణ్ణి ఒక్క మాట అనకుండా, ఆ మచ్చ ముక్క పట్టుకుని బజారంతా తిరిగి, అదే రంగు పట్టు దొరికాక, చెయ్యి విప్పి కొత్త చెయ్యి కోసి, పాత అంచు దాని మీద కుట్టాడు. మొత్తం ఒక గీత టైము. టీచరుకు ముందే జరిగింది చెప్పి, కూలి తీసుకోకుండా ఇచ్చాడు. ఆ ఖాళీ తమ చేతుల్లో జరిగే తప్పు కోసం అట్టిపెట్టుకున్నది. ప్రతి సీజన్లో ఏదో ఒకటి జరుగుతుందని ఆయనకు తెలుసు, ఏది జరుగుతుందో మాత్రం తెలియదు.

ఆమె ఇంకో టైలర్ దగ్గరికి పోయింది. అతను చెప్పిన టైముకు తొమ్మిదీ ఇచ్చాడు. ప్రొద్దుటూరులో ఆమె తొమ్మిది రోజులూ తొమ్మిది రంగులు కట్టుకుంది, అందరూ బాగున్నాయన్నారు. ఇది కూడా చెప్పాలి, ఎందుకంటే ఊళ్ళో చెప్పే కథలో ఆమె జాకెట్టు పూజ మధ్యలోనే చిరిగిపోతుంది. అలాంటిదేం లేదు. తొందరగా కుట్టిన పని పండగ రోజే బయటపడుతుందంటే టైలర్లందరూ జాగ్రత్తగానే ఉంటారు. అది బయటపడేది మెల్లగా.

సంక్రాంతి అయ్యాక ఆమె నాలుగు జాకెట్లు కవర్లో పెట్టుకుని మామ దగ్గరికి వచ్చింది. ఈసారి గొంతు తగ్గింది. రెండు ఉతికాక ఉబ్బిపోయాయి, బిగువయ్యాయి. ఇంకో రెండు చంకల కింద, వీపు కుట్టు దగ్గర పోగులు విడిపోతున్నాయి. మామ ఒకదాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని నన్ను పిలిచి చూపించాడు. కుట్టు పొడుగునా సన్నని చుక్కల్లా వెలుగు కనపడింది. పట్టుకు పదకొండో నంబరు సన్నని సూది, అదీ కొత్తది వేయాలి. మామూలు గుడ్డలకు వాడే లావు సూదితోనే కుడితే, లేదా మొన మొద్దుబారిన సూదితో కుడితే, అది పోగుల మధ్యలోకి దూరకుండా పోగునే తెంపుతుంది. పట్టులో ఆ రంధ్రం మూసుకోదు. విప్పి మళ్ళీ కుట్టినా పాత గీత అలాగే ఉంటుంది. మీరు పట్టు జాకెట్టు తెచ్చుకున్నప్పుడు ఇంటికి పోకముందే ఒకసారి కిటికీ దగ్గర అలా ఎత్తి చూడండి, అర నిమిషం పని. లోపలి వైపు తిప్పి పక్క కుట్ల దగ్గర గుడ్డ ఎంత వదిలారో కూడా చూడండి. మామ ఒక్కో పక్క అంగుళంన్నర వదిలేవాడు, ముందు ముందు విప్పుకోవడానికి. ఆ నాలుగింటిలో అర అంగుళం కూడా లేదు. మిగిలింది కత్తిరించి ఓవర్‌లాక్ చేశారు. చూడటానికి శుభ్రంగా ఉంటుంది, కుట్టేవాడికి తొందరగా అయిపోతుంది, వదులు చేసుకునే దారి మాత్రం ఇక ఉండదు.

మామ "నేను చెప్పలేదా" అనలేదు. మిగిలిన ముక్కలేమైనా ఇచ్చాడా అని అడిగాడు. ఇవ్వలేదు. అయితే ఉబ్బిన రెండు జాకెట్ల చీరలు తెమ్మన్నాడు. చీరకు కొంగు కాని చివర, నడుములో మొదట దోపుకునే వైపు, బెత్తెడు వెడల్పున కత్తిరించాడు. కట్టుకుంటే అక్కడ తగ్గిందని ఎవరికీ తెలియదు. ఆ ముక్కతో రెండింటికీ పక్కల పట్టీలు వేసి, లైనింగ్ తీసేసి నానబెట్టిన కొత్త లైనింగ్ వేశాడు. మిగతా రెండూ తిరిగి ఇచ్చేశాడు. "ఈ పోగులు నిలబడవు మేడమ్, కుట్టినా మీ దుడ్లు దండగ." తీసుకున్నది మామూలు రిపేరు కూలి, ఒక్క రూపాయి ఎక్కువ లేదు.

తర్వాతి ఏడాది దసరా చీరలు ఆమె శ్రావణంలోనే తెచ్చింది. నోట్‌బుక్కు తనే లాక్కుని, ఏ పేజీలో ఖాళీ ఉందో చూసి రాయించుకుంది. అంతకంటే విచిత్రం, వాళ్ళ చుట్టాలందరికీ ఆమే చెప్పేది: "ఆయన నాకే లేదన్నాడు. తీసుకున్నాడంటే మాత్రం ఇచ్చినట్టే." మామ దుకాణానికి బోర్డు కూడా సరిగ్గా ఉండేది కాదు, ఈ ఒక్క మాటే ఆయనకు బోర్డు అయింది. ఆ మాటే చేతులు మారి మారి నోట్లు ఎగిరే కథ అయింది అనుకుంటాను.

కథ అలా మారడం నాకు ఎందుకు నచ్చదంటే, డబ్బున్నవాళ్ళను అవమానించినందుకే ఆయనకు గౌరవం వచ్చిందని దాన్ని బట్టి అనిపిస్తుంది. అవమానించడానికి ఏ లెక్కా అక్కర్లేదు, ఒక్క నిమిషం కోపం చాలు. ఇంకో విషయం, ఆ గౌరవం ఆ నెల అద్దె కట్టలేదు. దసరా అయ్యాక దుకాణం యజమానికి మామ పది రోజులు టైము అడగడం నేను విన్నాను. గౌరవం వచ్చిందని చెప్పేవాళ్ళు అది రావడానికి ఏడాది పట్టిందని చెప్పరు.

పోయిన దసరాకు నేను హైదరాబాద్ నుంచి పోయాను, పండగ ఇంకా పది రోజులు ఉందనగా. ఒక పట్టు జాకెట్టు ముక్క పట్టుకుని మామ దగ్గరికి పోతుంటే అమ్మ నవ్వింది. మామకు ఇప్పుడు అద్దాలు వచ్చాయి, కుర్రాడు పెద్దవాడై మాస్టర్ అయ్యాడు, రోజుకు ఎనిమిది గీతలు. టీ తెప్పించాడు, ఉద్యోగం గురించి అడిగాడు, అమ్మ కండ్లు ఎట్లున్నాయని అడిగాడు. అన్నీ అయ్యాక నోట్‌బుక్కు తీసి నా వైపు తిప్పాడు.

"నువ్వే చూడు పాపా."

చూశాను. పండగ దాకా అన్ని పేజీలూ నిండి ఉన్నాయి. చివరి పేజీలో అడుగున ఒక్క గీత మాత్రం ఖాళీగా ఉంది. అది దేనికో నాకు తెలుసు కాబట్టి అడగలేదు.